వైవా ముందురాత్రి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి... ఆ మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 29. వచ్చే వారం పీహెచ్‌డీ ఓపెన్ వైవా. రాత్రి అందరూ వెళ్లాక డిపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా జవాబులు సాధన చేస్తుంటే గుండె దడ, వేళ్లలో తిమ్మిరి వస్తున్నాయి. స్నేహితురాలు ప్రొప్రానొలాల్ మాత్రలు ఇచ్చింది. చిన్నప్పుడు ఆస్తమా ఉండేది. వైవా ముందురాత్రి వేసుకోవచ్చా?

జవాబు: వేసుకోకండి. ప్రొప్రానొలాల్ గుండె దడను తగ్గిస్తుంది గానీ, ఆస్తమా ఉన్నవారిలో శ్వాసనాళాలను బిగుసుకుపోయేలా చేయగలదు. చిన్నప్పుడే తగ్గిపోయిందనుకున్న ఆస్తమా విషయంలోనూ ఈ జాగ్రత్త తప్పదు.

మీ ఉత్తరం చదువుతుంటే, వైవాకు ముందురాత్రి పదకొండు దాటాక క్యాజువాలిటీకి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థిని గుర్తొచ్చింది. ఖాళీ సెమినార్ హాల్లో ఒక్క ట్యూబ్‌లైట్ వేసుకుని, ఎగ్జామినర్ అడగబోయే ప్రశ్న తానే అడిగి, మరుక్షణమే తానే జవాబు చెబుతూ, తడబడిన ప్రతిసారీ మరింత వేగంగా మళ్లీ మొదలుపెట్టిందట. 'శాంపిల్ ఇంత చిన్నదెందుకు?' అన్న ప్రశ్న దగ్గర మాట ఆగిపోయి, పెదవులు మొద్దుబారి, వేళ్లు కొంగముక్కులా దగ్గరకు ముడుచుకుపోయాయి. ఈసీజీ, ఆక్సిజన్ రెండూ మామూలుగానే ఉన్నాయి. శ్వాస మాత్రం నిమిషానికి 30 సార్లకు పైగా నడుస్తోంది.

అంత వేగంగా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటకు పోతుంది. దాంతో రక్తంలో క్షారగుణం పెరిగి, నరాలు, కండరాలు వాడుకోగల కాల్షియం తగ్గుతుంది. తిమ్మిరి, బిగుసుకుపోవడం అందుకే. మెదడుకు రక్తప్రసారం కూడా కొంత తగ్గడంతో తెలిసిన జవాబే గుర్తుకు రాదు. నాలుగు సెకన్లు ముక్కుతో పీల్చి, ఆరు సెకన్లు నెమ్మదిగా వదిలేలా చేయిస్తే ఇరవై నిమిషాల్లో ఆమె వేళ్లు విచ్చుకున్నాయి.

నిజమైన వైవాలో ప్రశ్న పూర్తయ్యేదాకా మీరు వింటూ ఉంటారు కాబట్టి ఊపిరికి విరామం దొరుకుతుంది. ఒంటరి సాధనలో ఆ విరామమే ఉండదు. అందువల్ల ప్రశ్నలను ఫోన్లో మీ గొంతుతోనే నిదానంగా రికార్డు చేసుకుని, ఒక్కొక్కటి వినిపించాక పూర్తిగా ఊపిరి వదిలి అప్పుడు మాట్లాడండి. కాఫీ మధ్యాహ్నంతో ఆపేయండి. తాగిన ఐదారు గంటల తర్వాత కూడా అందులోని కెఫీన్ దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. ఆ చివరి రాత్రి సాధన తొమ్మిదింటికే ముగించి ఇంటికి వెళ్లి నిద్రపోండి.

అయితే ఊరికే కూర్చున్నప్పుడూ దడ వస్తున్నా, స్పృహ తప్పినా, మెట్లెక్కితే ఛాతీ నొప్పి వచ్చినా, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపించినా ఇది కేవలం వైవా ఆందోళన అనుకోవద్దు. ఈ లక్షణాలు లేకపోయినా, వైవాకు ముందే ఒకసారి ఫిజీషియన్‌ను కలిసి ఈసీజీతో పాటు హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. ఆస్తమా సంగతి వారికి తప్పక చెప్పి, ఆ మాత్రలు స్నేహితురాలికి తిరిగి ఇచ్చేయండి.