పీఎల్‌సీ నుంచి ఎస్‌ఏపీ దాకా: ఏ లెవెల్‌లో ఏ డేటా?

ప్రశ్న: ఈఐఈ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. పీఎల్‌సీ, స్కాడా కోర్సు చేశాను. ఇంటర్వ్యూలో "పాల ప్లాంట్‌లో సెన్సర్ రీడింగ్ ఎస్‌ఏపీ దాకా ఎలా వెళ్తుంది?" అని అడిగితే చెప్పలేకపోయాను. ఇప్పుడు ఎస్‌ఏపీ నేర్చుకోవాలా, పీఎల్‌సీలోనే ఉండాలా? టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: ఎస్‌ఏపీ కోర్సులో ఇప్పుడే చేరకండి. మామూలుగా సెన్సర్ రీడింగ్ ఎస్‌ఏపీ దాకా వెళ్లదు. మిమ్మల్ని అడిగినవాళ్లు బహుశా వినాలనుకున్నది ఇదే. దారిలో దాని రూపం మారుతూ పోతుంది, చివరికి పైకి చేరేది వేరే సమాచారం.

ఐఎస్‌ఏ-95 ప్రమాణం ప్లాంట్‌ను 0 నుంచి 4 వరకు లెవెల్స్‌గా చూస్తుంది. పాశ్చరైజర్‌లో పాలు వేడెక్కడం లెవెల్ 0. సెన్సర్లు, వాల్వులు లెవెల్ 1, ఆపరేటర్ చూసే స్కాడా లెవెల్ 2. పీఎల్‌సీని కొందరు 1లో, కొందరు 2లో రాస్తారు, దాని మీద ఇంటర్వ్యూలో వాదన పెట్టుకోకండి. బ్యాచ్‌లు నడిపే ఎంఈఎస్ లెవెల్ 3, ఎస్‌ఏపీ లాంటి ఈఆర్‌పీ లెవెల్ 4.

ఇప్పుడు ఒక్క రీడింగ్ వెంట నడుద్దాం. పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచాలి. హోల్డింగ్ ట్యూబ్ చివర ఉన్న పీటీ100 సెన్సర్ నిరోధం ఆ వేడికి దాదాపు 127.8 ఓమ్‌లు ఉంటుంది. ట్రాన్స్‌మిటర్ రేంజ్ 0–100 డిగ్రీలైతే అది 15.52 మిల్లీయాంపులుగా బయటికి వస్తుంది. సీమెన్స్ ఎస్7 పీఎల్‌సీలో 4–20 మిల్లీయాంపులకు 0–27648 అంకె వస్తుంది కాబట్టి, ప్రోగ్రామ్‌కు కనిపించేది సుమారు 19907. దాన్ని మళ్లీ 72.0గా మార్చేది మీరు రాసే స్కేలింగ్.

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ట్రాన్స్‌మిటర్‌లో 0–150 అని పెట్టి పీఎల్‌సీలో 0–100 అని వదిలేస్తే, 72 డిగ్రీల పాలు తెరమీద 48గా కనిపిస్తాయి. అలారం మోగితే అందరూ హీటర్‌ను తిడతారు. చేతి థర్మామీటర్‌తో రెండు వేర్వేరు వేడిమిల దగ్గర సరిపోల్చండి. తేడా డిగ్రీలలో స్థిరంగా కాకుండా, చూపించేది ఎప్పుడూ అసలులో మూడింట రెండొంతులే అయితే రేంజ్ పొరపాటే.

72 కంటే తగ్గితే పాలను వెనక్కి మళ్లించే డైవర్షన్ వాల్వు నిర్ణయం పీఎల్‌సీలోనే ఉండాలి, ఎంఈఎస్‌కు వదలకూడదు. గంటకు 10,000 లీటర్ల లైన్‌లో సెకనుకు 2.8 లీటర్లు పోతాయి. పై నెట్‌వర్క్ మూడు సెకన్లు ఆలస్యం చేసినా ఎనిమిది లీటర్లకు పైగా సరిగా కాగని పాలు ముందుకు వెళ్లిపోతాయి.

స్కాడా ఆ 72.0కి సమయాన్నీ, రీడింగ్ నమ్మదగినదా కాదా అన్న గుర్తునూ జతచేసి, పాత రీడింగ్స్ నిల్వచేసే హిస్టోరియన్ డేటాబేస్‌లో దాస్తుంది. ఎంఈఎస్ దానిలోంచి బ్యాచ్ మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఉన్న భాగాన్ని మాత్రమే తీసి, కనీస వేడిమి ఎంత, ఎన్నిసార్లు మళ్లింపు జరిగింది అని బ్యాచ్ రికార్డు కడుతుంది. ఈఆర్‌పీకి వెళ్లేది అంతకన్నా చిన్నది: ఫలానా ఆర్డర్ పూర్తయింది, 9,800 లీటర్లు మంచివి, 200 తిరస్కారం, వాడిన పచ్చిపాలు ఇన్ని. కిందికి వచ్చే దారిలోనూ ఇంతే. పైనుంచి 10,000 లీటర్ల ఆర్డర్ వస్తుంది, ఎంఈఎస్ దానికి లైన్, రెసిపీ ఎంచి 72 అనే సెట్‌పాయింట్‌ను కింద దించుతుంది. అయితే భద్రతకు సంబంధించిన కనీస పరిమితిని పైనుంచి మార్చనివ్వకుండా పీఎల్‌సీలో తాళం వేయాలి.

లెవెల్ 2, 3 మధ్య ఎక్కువగా వచ్చే తంటా గడియారాలది. పీఎల్‌సీ సమయం ఏడు నిమిషాలు వెనకబడి, విలువల మీద సమయ ముద్ర అక్కడే పడితే, ఎంఈఎస్ తీసే ముక్కలో తర్వాతి క్లీనింగ్ నీటి వేడి కూడా కలుస్తుంది. పాల బ్యాచ్ రికార్డు చివర పాలు లేని సమయపు రీడింగ్స్ కనిపిస్తే ముందు గడియారాలు చూడండి. అన్ని యంత్రాలకూ ఒకే ఎన్‌టీపీ సర్వర్ నుంచి సమయం ఇవ్వడమే మందు.

నా సలహా: పీఎల్‌సీ వదలకుండా, దాని పైమెట్టు నేర్చుకోండి. పీఎల్‌సీ డేటాను పై సాఫ్ట్‌వేర్‌లకు అందించే ఓపీసీ యూఏ, డేటాబేస్ నుంచి కావాల్సింది తీసే ఎస్‌క్యూఎల్ ఈ రెండూ చాలు. `Prosys OPC UA Simulation Server` ఉచిత ఎడిషన్‌లో ఒక ఉష్ణోగ్రత ట్యాగ్ పెట్టి, దాన్ని సమయంతో సహా డేటాబేస్‌లో రాయించండి. రెండు సమయాల మధ్య కనీస వేడిమిని తీసి ఒక పేజీ బ్యాచ్ రిపోర్ట్ చేయండి. తర్వాత కావాలనే ఒక గడియారాన్ని ఏడు నిమిషాలు జరిపి, రిపోర్ట్‌లో ఏం చెడిందో రాసి పెట్టుకోండి. వచ్చే ఇంటర్వ్యూకి ఆ రెండు కాగితాలూ తీసుకెళ్లండి.