నొప్పి ఎక్కడో వినమ్మా, మందు తర్వాత

బుజ్జీ,

నీ స్క్రిప్టు, ముగ్గురూ ఇచ్చిన నోట్సు చదివాను. ఈ రాత్రికే సరిదిద్దడం మొదలుపెడతానన్నావు. నాలుగు రోజులు ఆ ఫైలు తెరవకు. నా మొదటి స్క్రిప్టుకి ఎవరేమంటే అది కలిపాను. రెండో వెర్షన్‌లో అందరికీ నచ్చే సీన్లున్నాయి, నేను రాద్దామనుకున్న కథ మాత్రం లేదు.

నీ 48వ సీను చూడు, అన్నాచెల్లెళ్ళ ఆసుపత్రి గొడవ. మీ మాస్టారు సగానికి కోయమన్నారు. స్క్రిప్ట్ రీడర్ దానికి ముందు కాస్త కామెడీ పెట్టమన్నాడు. నీ స్నేహితురాలేమో చెల్లెలు సుజాతకి అంత కోపమెందుకు అంది. మందు మాత్రం తలో రకం చెప్పారు గానీ, ముగ్గురూ వేలు పెట్టింది ఒక్కచోటే. ఆ చోటుని నమ్ము. మందుల్ని పక్కన పెట్టి, 48 నుంచి వెనక్కి నడువు.

ఆ కోపం మనకి తగలాలంటే అన్న పొలం తాకట్టు పెట్టాడని ముందే గట్టిగా తెలియాలి. నువ్వు చెప్పిందెక్కడ? 19వ సీన్లో, వడియాలు పెడుతూ పక్కింటావిడ అనే ఒక్క మాటలో. అక్కడ సుజాతే లేదు. ఇరవై తొమ్మిది సీన్లు దాటాక ఆ మాట ఎవరికి గుర్తుంటుంది? అందుకే 48లో ఆమె చేత అదంతా మళ్ళీ చెప్పించాల్సి వచ్చింది, సీను సాగింది.

19నే మార్చు. హాల్ టికెట్ కోసం బీరువా వెతుకుతుంటే తాకట్టు దస్తావేజు జిరాక్సు సుజాత చేతికి దొరకాలి. బయట అన్న అన్నం తింటుంటాడు. ఆమె కాగితం మడిచి ఉన్నచోటే పెట్టి, వచ్చి అతనికి మజ్జిగ పోస్తుంది. డైలాగు వద్దు. అప్పుడు 48లో పొలం గురించిన వివరణ మొత్తం తీసేయొచ్చు. మాస్టారు పొడవన్నది దానంతటదే తగ్గుతుంది, కామెడీ అవసరం రాదు.

ఇక కథంతా అన్న వైపు నుంచి చెప్పమన్న స్క్రిప్ట్ రీడర్ నోటు. ఇది వేరు. నీ సినిమా దేని గురించో ఒక్క వాక్యంలో రాసుకో: ఇంట్లో అబద్ధం తెలిసీ నోరు మూసుకున్న చెల్లెలి కథ. ఆ నోటు పాటిస్తే ఈ వాక్యమే మారిపోతుంది, అంటే అతను అడుగుతున్నది ఇంకో సినిమా. థాంక్స్ చెప్పి వదిలేయ్, వాదించకు. అయితే అతనికి అన్న మీద అంత ఆసక్తి ఎందుకు కలిగిందో ఓసారి చూసుకో. బహుశా మొదటి పది సీన్లలో సుజాత ఏ పనీ చేయకుండా ఊరికే చూస్తూ ఉండడం వల్లనేమో. అది నాకూ అనిపించింది.

పాత డ్రాఫ్ట్ చెరపకు, కొత్త ఫైల్లో రాయి. ఆదివారం వచ్చి 19 నుంచి 48 దాకా మీ పెద్దమ్మకి చదివి వినిపించు. ఏం మార్చావో ముందే చెప్పకు. ఆవిడ ఎక్కడ స్టవ్ వైపు చూసిందో నేను పేజీ పక్కన గీత పెడతాను.

మీ పెదనాన్న