సైట్‌కి వెళ్లే బ్యాగులో ఏం ఉండాలి, పని అయ్యాక ఏం రాసుకోవాలి

"అన్నా, గుంటూరులో సొంతంగా కరెంటు రిపేర్ పనులు మొదలుపెట్టాను. ఏ ఇంటికెళ్లినా ఏదో ఒకటి తక్కువై మధ్యలో షాపుకి పరుగెత్తాల్సి వస్తోంది. బ్యాగులో ఏమేం ఉంచుకుంటారు? అయిపోయినవి మర్చిపోకుండా ఏం చేస్తారు?"

తమ్ముడూ, నేను విజయవాడలో ఇదే పని చేస్తాను. నిన్ను షాపుకి పరుగెత్తించేవి స్పేర్లే కాబట్టి టూల్స్ సంగతి తొందరగా ముగిస్తా. కటింగ్ ప్లయర్, నోస్ ప్లయర్, స్ట్రిప్పర్, నాలుగైదు స్క్రూ డ్రైవర్లు, క్రింపింగ్ టూల్, టెస్టర్, మల్టీమీటర్, క్లాంప్ మీటర్, తలకి పెట్టుకునే లైటు ఉంటే మామూలు రిపేర్లు నడుస్తాయి. డ్రిల్లు, సుత్తి, శానం వేరే సంచిలో బండి దగ్గరే ఉంచుతా. ఇంకొకటి, హోల్డర్‌కి రెండు వైర్లు తగిలించిన టెస్ట్ ల్యాంప్. న్యూట్రల్ తెగితే, ఆ లైను మీద ఏదైనా ఆన్‌లో ఉన్నంతసేపు సాకెట్ రెండు కన్నాల్లోనూ టెస్టర్ వెలుగుతుంది. టెస్టర్ ఒక్కటే నమ్ముకున్నవాడు కరెంటు బాగానే వస్తోంది అనుకుంటాడు. ల్యాంప్ మాత్రం వెలగదు, దాంతో సంగతి బయటపడుతుంది.

ఇక స్పేర్లు. స్విచ్‌లన్నీ ఒక డబ్బాలో, వైర్లన్నీ ఇంకో డబ్బాలో అని సర్దితే ఏదో ఒకటి తగ్గుతూనే ఉంటుంది. నేను పనిని బట్టి సెట్లు కడతా. ఒక్కో రకం రిపేరుకి మొదటినుంచి చివరిదాకా ఏమేం పడతాయో అవన్నీ ఒకే జిప్ కవర్లో ఉంటాయి. ఫ్యాను సెట్టులో 2.5, 3.15 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, ఒక రెగ్యులేటర్, ఫ్లెక్సిబుల్ వైరు ముక్క, రాడ్డు బోల్టు, దాని స్ప్లిట్ పిన్. ఎంసీబీ సెట్టులో సింగిల్ పోల్ 10, 16, 20, 32 ఆంపియర్లవి తలా ఒకటి. లైటు సెట్టులో హోల్డర్లు, పాత మోడల్ స్విచ్‌లు, కనెక్టర్లు. మాడ్యులర్ స్విచ్‌లు మాత్రం నిల్వ పెట్టుకోకు. ఒక కంపెనీది ఇంకో కంపెనీ ప్లేటులో సరిగ్గా కూర్చోదు. ఫోన్ రాగానే "బోర్డు ఫొటో ఒకటి వాట్సాప్‌లో పెట్టండి" అని అడిగితే సరిపోతుంది, దారిలోనే కొనుక్కుని వెళ్లొచ్చు.

సెట్టు వల్ల ఏం ఒరుగుతుందో మొన్న వేసవిలో పటమటలో ఒక ఫ్లాట్లో చేసిన పని చెప్తా. ఏసీ ప్లగ్గు దగ్గర కాలిన వాసన వస్తోందని ఆ ఇంటావిడ ఫోన్ చేశారు. వెళ్లి చూస్తే 16 ఆంపియర్ సాకెట్ ఒక్క కన్నం చుట్టూనే నల్లబడింది. ఇలా ఒకే కన్నం మాడితే సాధారణంగా అక్కడ పట్టు వదులైందని అర్థం. వెనకాల స్క్రూ అయినా వదులై ఉంటుంది, లోపలి ఇత్తడి పట్టు అయినా సాగి ఉంటుంది. ఒకటిన్నర టన్ను ఏసీ ఏడెనిమిది ఆంపియర్ల దాకా గంటల తరబడి లాగుతుంటే, వదులుగా ఉన్న ఆ ఒక్క చోటే వేడెక్కుతుంది. ఎంసీబీకి అది తెలియదు, ఎందుకంటే కరెంటు పరిమితి దాటలేదు. ఎంసీబీ పడలేదు కాబట్టి అంతా బాగానే ఉందన్న మాట ఇక్కడ చెల్లదు.

ఎంసీబీ దించాను. మల్టీమీటర్‌ని ముందు కరెంటున్న సాకెట్లో చూసి, తర్వాత ఈ సాకెట్లో చూసి, మళ్లీ మొదటి దాంట్లో చూశాక గాని వైర్ల మీద చెయ్యి వెయ్యలేదు. మీటరు లీడు తెగినా సున్నానే చూపిస్తుంది మరి. సాకెట్ విప్పితే ఫేజ్ వైరు తొడుగు రెండంగుళాల దాకా గట్టిపడి పెళుసెక్కి ఉంది, రాగి నల్లబడింది. మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించాను. దాంతో వైరు సాకెట్ దాకా అందలేదు. కత్తిరించిన కొసకి 4 స్క్వేర్ ఎంఎం వైరు ముక్క కలిపి, రాగి స్లీవులో పెట్టి క్రింపింగ్ టూల్‌తో నొక్కి, పైన ఇన్సులేషన్ వేశాను. మెలిపెట్టి టేపు చుట్టే జాయింటు ఏసీ లైనులో పనికిరాదు, అదీ కొన్నాళ్లకి ఇలాగే మాడుతుంది. చాలామంది ఇక్కడ కొత్త సాకెట్ వేసి వచ్చేస్తారు. ఏసీ ప్లగ్గు పిన్ను చూడు, రంగు మారి గరుకుగా ఉంటే ఆ ప్లగ్ టాప్ కూడా మార్చాలి. లేకపోతే ఆ పిన్నే కొత్త సాకెట్నీ మాడుస్తుంది. చివర్లో ఏసీ వేయించి ఫేజ్ వైరు ఒక్కదానికే క్లాంప్ మీటర్ తగిలించి చూశాను. ఫేజ్, న్యూట్రల్ కలిపి పట్టుకుంటే సున్నా వస్తుంది. అరగంట నడిచాక ప్లగ్గు పైభాగం తాకి చూస్తే మామూలుగానే ఉంది.

చూడు, "సాకెట్ మార్చడం" అన్న పనికి సాకెట్, ప్లగ్ టాప్, వైరు ముక్క, స్లీవు, బోర్డు స్క్రూలు పట్టాయి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మే నెల మధ్యాహ్నం షాపుకి తిరగాల్సిందే.

ఇప్పుడు రాసుకునే సంగతి. బ్యాగు సర్దుతూనే, ఇంకా ఆ ఇంట్లో ఉండగానే రాయాలి. సాయంత్రం రాద్దాంలే అనుకుంటే పెద్ద వస్తువులే గుర్తుంటాయి, స్లీవులూ స్క్రూలూ గుర్తుండవు. ఆ రోజు పాకెట్ బుక్కులో రాసింది ఇది:

పటమట, ఏసీ సాకెట్.
వాడినవి: 16 ఆం. సాకెట్ 1, ప్లగ్ టాప్ 1, 4 స్క్వేర్ ఎరుపు అడుగు, స్లీవు 1, స్క్రూలు 2.
లేనిది: 4 స్క్వేర్ ఆకుపచ్చ.
అరిగింది: స్ట్రిప్పర్ పళ్లు.

వాడినవి అందరూ రాస్తారు. రెండో వరస "లేనిది" అసలైంది. ఆ రోజు ఎర్త్ వైరు అందింది కాబట్టి పని ఆగలేదు, కానీ వెతికితే కవర్లో ముక్క లేదు. అది రాసుకున్నాక సాకెట్ సెట్టులో ఆకుపచ్చ వైరు కూడా చేరింది. అలా పనులు జరిగే కొద్దీ నీ చెక్‌లిస్టు నీ ఏరియాకి తగ్గట్టు తయారవుతుంది, నాది నీకు అచ్చంగా సరిపోదు.

కొనేటప్పుడు ఆ పేజీ చూసి సెట్టు నింపి, నింపిన ఐటమ్ మీద గీత కొడతా. గీత పడని పేజీ ఉంటే మర్నాడు అలాంటి పని ఒప్పుకోను, లేదా దారిలో కొంటా. స్లీవులు, స్క్రూలు, గిట్టీలు లెక్కపెట్టుకుంటూ కూర్చోలేం. వాటిలో ఒక గుప్పెడు విడిగా చిన్న కవర్లో కట్టి రబ్బరు బ్యాండు వేసి అడుగున పెడతా. ఆ బ్యాండు తీసిన రోజే బుక్కులో రాస్తా.

ఒక్కటి మాత్రం చూసుకో. ఎంసీబీ సెట్టులో 20 అయిపోయి 32 మిగిలిందని అదే వేసి రాకు. 2.5 స్క్వేర్ వైరుకి 32 వేస్తే వైరు కాలుతున్నా ఎంసీబీ పడదు. అలాంటప్పుడు ఆ లైను ఆపేసి, రేపు పొద్దున్నే తెస్తానని చెప్పు. ఒక్క రాత్రికి ఎవరూ ఏమీ అనరు. బిల్లు రాసేటప్పుడు కూడా ఈ పేజీయే ముందు పెట్టుకో, "స్లీవుకి కూడా డబ్బులా" అని అడిగితే ఎక్కడ వేశావో చూపించొచ్చు.