ఖర్చు పిల్లల చేతికిస్తేనే డబ్బు పాఠం

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు, అమ్మాయికి 17. డబ్బు విషయాలు తెలుస్తాయని ఇద్దరికీ ఒక పుస్తకం కొనిచ్చాను. ఎవరూ తెరవలేదు. అమ్మాయేమో ఫ్రెండ్స్‌తో కలిసి ఆన్‌లైన్‌లో స్టాక్ మార్కెట్ ఆట ఆడతానంటోంది. అసలు ఏ వయసులో ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి?

జవాబు: పుస్తకం తెరవలేదని బాధపడకండి. తేల్చుకోవాల్సిన విషయం ఎదురుగా లేనప్పుడు చదివిన డబ్బు పాఠం పెద్దవాళ్లకే గుర్తుండదు. ఫెర్నాండెస్, లించ్, నెటెమేయర్ అనే పరిశోధకులు 2014లో, అప్పటికి జరిగిన 201 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశారు. డబ్బు విషయంలో మనుషుల ప్రవర్తనలో కనిపించే తేడాల్లో ఆర్థిక పాఠాల వాటా 0.1 శాతమేనని తేలింది. పైగా విన్నది నెలలు గడిచేకొద్దీ మరుగున పడిపోతోంది. 2022లో మరికొందరు పరిశోధకులు 76 ప్రయోగాలను పరిశీలించి, పాఠాల వల్ల మంచి ఫలితమే ఉందని చెప్పారు. రెండూ చదివాక నేను పాటిస్తున్న పద్ధతి ఒకటే. ఒక నిర్ణయం పిల్లల చేతికి వచ్చే ముందు, ఆ నిర్ణయానికి సరిపడా పాఠం చెప్పాలి. అంతకు మించి చెప్పినా నిలవదు.

అలా చూస్తే మీ ఇద్దరు పిల్లలకూ కావాల్సిన పాఠాలు వేరు.

అబ్బాయి వయసులో చేతికి వచ్చేది చిన్న చిన్న ఖర్చు. దాన్ని పూర్తిగా అతనికే అప్పగించండి. చాలామంది పాకెట్ మనీ ఇస్తారు కానీ, నోట్‌బుక్స్, ఫోన్ రీఛార్జ్, ఫ్రెండ్ పుట్టినరోజు గిఫ్ట్ మాత్రం అడిగినప్పుడల్లా విడిగా కొనిస్తారు. అప్పుడు పాకెట్ మనీ మొత్తం సరదాలకే మిగులుతుంది. ఏది ముందు, ఏది వెనక అని ఆలోచించే పనే పిల్లాడికి ఉండదు. అందుకే గత మూడు నెలల్లో ఈ ఖర్చుల కింద అతని కోసం మీరు పెట్టింది కూడి, మూడుతో భాగించండి. లెక్క సులువుగా ఉండటానికి అది 1,000 అనుకుందాం. నెల మొదట్లో ఆ 1,000 అతని చేతిలో పెట్టి, ఏయే ఖర్చులు ఇక అతనివో కాగితం మీద రాసి ఇవ్వండి. రీఛార్జ్, నోట్‌బుక్స్ లాంటి తప్పనిసరి ఖర్చులు 500 అయితే, మిగతా 500లో సరదాకు ఎంత, దాచుకునేది ఎంత అన్నది అతనే తేల్చుకోవాలి. తిండి, ఫీజులు, మందుల్లాంటివి ఈ లెక్కలోకి రాకూడదు. అవి మీ బాధ్యత.

మొదటి నెల మూడో వారంలోనే డబ్బు అయిపోవడం మామూలే. అసలు పరీక్ష అప్పుడు మీకే. రీఛార్జ్ అయిపోయిందని పిల్లాడు దిగాలుగా కూర్చుంటే, "సరే, ఈ ఒక్కసారికి" అని మీరు డబ్బు ఇచ్చారనుకోండి. డబ్బు అయిపోయినా ఏమీ కాదన్నదే అతనికి వంటబడుతుంది. ఇవ్వకండి, తిట్టకండి కూడా. నెలాఖరున పావుగంట పక్కన కూర్చుని, డబ్బు ఎటు పోయిందో రాయమనండి. ఒక్క పెద్ద ఖర్చు గుర్తుంటుంది, నాలుగైదు చిన్నవి గుర్తుండవు. ఆ గుర్తుండని మొత్తం ఎంతో అతనే తీసివేత చేసి తెలుసుకోవాలి. మీరు చెప్పేస్తే ఆ విలువ ఉండదు. రెండు మూడు నెలలకు, కొనే ముందు రేటు కనుక్కోవడం, "ఇది వచ్చే నెల చూద్దాంలే" అనడం కనిపిస్తే పద్ధతి పనిచేస్తున్నట్టే. ఆరు నెలలైనా ప్రతి మూడో వారం అదే కథ అయితే, నెలకోసారి కాకుండా వారానికోసారి ఇవ్వండి. కొందరు పిల్లలకు నెల అంటే చాలా దూరం.

ఈ వయసులోనే ఓటీపీ ఎవరికీ చెప్పకపోవడం, గేముల్లో కొనుగోళ్లకు మీ కార్డు కలపకపోవడం కూడా నేర్పాలి. వాటికి పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ఫోన్ చేతికిచ్చిన రోజే చెబితే చాలు.

ఇక అమ్మాయి. ఇంకొన్నాళ్లకు ఆమె పేరు మీదే అప్పు దొరుకుతుంది. క్రెడిట్ కార్డు, ఇప్పుడు కొను తర్వాత కట్టు ఆఫర్లు, ఫోన్ వాయిదాలు అన్నీ వరసగా వస్తాయి. అందుకే 17 ఏళ్లకు అన్నిటికంటే ముందు నేర్పాల్సింది అప్పు లెక్క. ఒక కాగితం, కాలిక్యులేటర్ ఇచ్చి ఇది చేయించండి. కార్డు మీద బాకీ 10,000. వడ్డీ నెలకు 3 శాతం. కొత్తగా ఏమీ కొనకుండా నెలకు 400 కడుతుంది. మొదటి నెల వడ్డీ 300. కట్టిన 400లో బాకీ తగ్గేది 100 మాత్రమే. రెండో నెల 9,900 మీద వడ్డీ 297, తగ్గేది 103. మూడో నెల ఇంకో 106. ఈ మూడు నెలలూ చేత్తోనే వేయాలి. "1,200 కట్టాను, బాకీ 309 తగ్గిందా!" అని ఆమే అనాలి.

ఆ తర్వాత మిగతా నెలలు స్ప్రెడ్‌షీట్‌లో వేయమనండి. బాకీ తీరడానికి దాదాపు నాలుగేళ్లు, సరిగ్గా 47 నెలలు పడుతుంది. మొత్తం కట్టేది సుమారు 18,760. అదే నెలకు 800 కడితే 16 నెలల్లో తీరిపోతుంది, కట్టేది దాదాపు 12,700. నెలకు 300 మాత్రమే కడితే? ఆ గడి నింపి, నెల తర్వాత నెల అదే 10,000 కనిపించేదాకా మీరు నోరు మెదపకండి. బిల్లులో రాసే కనీస చెల్లింపు బ్యాంకుకు సరిపోయే మొత్తమే తప్ప, అప్పు త్వరగా తీర్చే మొత్తం కాదన్నది ఆమెకు అక్కడే తెలుస్తుంది. వీలైతే మీ కార్డు బిల్లే ఒకటి ముందు పెట్టి, వడ్డీ రేటు, కట్టాల్సిన తేదీ, కనీస మొత్తం ఎక్కడున్నాయో ఆమెనే వెతకమనండి. ఇంట్లో అప్పులు పిల్లలకు తెలియకూడదని చాలామంది దాస్తారు. అంకెలు చూపించడానికీ, మీ టెన్షన్ వాళ్ల మీద వేయడానికీ తేడా ఉంది. మొదటిది చేయండి.

జీతం స్లిప్పులో కోతలు ఎలా చదవాలన్నది మొదటి ఉద్యోగానికి ముందు చెబితే సరిపోతుంది.

స్టాక్ మార్కెట్ ఆటకు ఇప్పుడే ఒప్పుకోవద్దని నా సలహా. అలాంటి పోటీలు సాధారణంగా కొన్ని వారాలే ఉంటాయి, ఎక్కువ లాభం చూపినవాళ్లే గెలుస్తారు. అంత తక్కువ కాలంలో పై స్థానంలో నిలిచేది ఎక్కువసార్లు డబ్బంతా ఒకటి రెండు షేర్ల మీద పెట్టి, అదృష్టం కలిసొచ్చినవాళ్లే. జాగ్రత్తగా పదిచోట్ల పెట్టిన పిల్ల ఓడిపోతుంది. అంటే నేర్చుకోవాల్సినదానికి సరిగ్గా ఉల్టా నేర్పుతుందా ఆట. అమ్మాయికి నిజంగా ఆసక్తి ఉంటే కాగితం మీద ఒక ఏడాది ఆట పెట్టండి. తనకు నచ్చిన ఒక్క షేర్‌లో 10,000, మార్కెట్ సూచీలోని షేర్లన్నిటిలో కొద్దికొద్దిగా డబ్బు పెట్టే ఒక ఇండెక్స్ ఫండ్‌లో 10,000 పెట్టినట్టు రాసుకుని, నెలకోసారి రెండింటి విలువా నమోదు చేయాలి. షేర్ పడిన నెలలో "ఇది నిజం డబ్బయితే అమ్మేసేదాన్నా?" అన్నదానికి జవాబు, కారణంతో సహా, అదే రోజు రాయాలి. ఏడాది చివర లాభం ఎంతో అడిగే ముందు ఆ కారణాలు మీరిద్దరూ కలిసి చదవండి.