టెక్ సందేహాలు: ఇంట్లోనే పాస్‌పోర్టు సైజు ఫొటో

ప్రశ్న: మా అమ్మాయి పోటీ పరీక్షకు దరఖాస్తు చేస్తోంది. ఫోనుతో ఇంట్లో తీసిన ఫొటోలో ముక్కు పెద్దగా, ముఖం ఉబ్బినట్టుగా ఉంది. వెనుక గోడ మీద నీడ కూడా పడుతోంది. స్టూడియోలో తీసినట్టు రావాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఈ రెండు లోపాలకూ ప్రధాన కారణం దూరమే. ముక్కు కొస చెవుల కంటే సుమారు 11 సెంటీమీటర్లు ముందుకు ఉంటుంది. ఫోను ముఖానికి 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, చెవులతో పోల్చినప్పుడు ముక్కు ఉన్నదానికంటే పావు వంతుకు పైగా పెద్దదిగా నమోదవుతుంది. ఫోనును మీటరున్నర దూరానికి జరిపితే ఆ తేడా ఏడు శాతం దగ్గరికి తగ్గి, ముఖం మనం ఎదురుగా చూసినట్టే వస్తుంది. అందుకే సెల్ఫీ వద్దు. వెనుకనున్న ప్రధాన కెమెరాతో, అమ్మాయి కళ్ల ఎత్తులో ఫోను నిటారుగా పట్టుకుని, ముఖం ఫ్రేము మధ్యలో ఉండేలా మరొకరు తీయాలి.

అంత దూరం నుంచి తీస్తే ముఖం చిన్నదైపోయి స్పష్టత పోతుందని చాలామంది దగ్గరికి జరుగుతారు. ఆ భయం అక్కర్లేదు. 12 మెగాపిక్సెళ్ల ఫొటో ఎత్తు సుమారు 4000 పిక్సెళ్లు. మీటరున్నర నుంచి జూమ్ లేకుండా తీసినా అందులో గడ్డం నుంచి నడినెత్తి దాకా దాదాపు 450 పిక్సెళ్లు వస్తాయి. పాస్‌పోర్టు సైజు, అంటే 35 x 45 మిల్లీమీటర్ల ఫొటోను 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించడానికి మొత్తం 413 x 531 పిక్సెళ్లు చాలు, అందులో తలకు కావలసింది సుమారు 400 మాత్రమే.

ఇక గోడ మీది నీడ సంగతి. అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడటమూ, ఫ్లాష్ వెలగడమూ దానికి కారణాలు. ఫ్లాష్ ఆపేసి, ఆమెను గోడకు కనీసం మూడడుగులు ముందుకు జరపండి. అప్పుడు నీడ పడినా ఫ్రేములోకి రాదు, లేత రంగు వేసిన గోడ ఛాయ బుగ్గల మీద ప్రతిఫలించడమూ తగ్గుతుంది. గోడ తెల్లగా లేకపోతే ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి ముడతలు లేకుండా బిగించి కట్టండి. నేపథ్యాన్ని తొలగించే యాప్‌లను నేను సిఫారసు చేయను, ఎందుకంటే అవి జుట్టు అంచులను, ఒక్కోసారి చెవులను కూడా కోసేస్తాయి. బ్యూటీ, పోర్ట్రెయిట్ మోడ్‌లు కూడా ఆపి ఉంచండి.

వెలుతురుకు మీ ఇంటి వరండా మంచి చోటు. ఎండ నేరుగా పడని వేళ చూసి, అమ్మాయిని వరండా నీడలో వాకిలి వైపు ముఖం పెట్టి నిలబెట్టండి. మీరు వాకిట్లో నిలబడి తీయండి. ఎదురుగా ఉన్న ఆకాశపు వెలుగు ముఖానికి రెండు వైపులా సమంగా అందుతుంది. మన వైపు వేసవి మధ్యాహ్నం ఆరుబయట తీస్తే కనుబొమల కింద, ముక్కు కింద నల్లటి నీడలు పడతాయి, కళ్లు కూడా చికిలిస్తాయి. తెల్ల నేపథ్యాన్ని చూసి కెమెరా వెలుతురు తగ్గించేస్తుంది కాబట్టి దుప్పటి బూడిద రంగులో కనిపిస్తే, తెరపై ముఖాన్ని తాకి వెలుతురు గీతను కొద్దిగా పైకి జరపండి. నుదురు తెల్లగా వెలిసిపోయినట్టు కనిపించేలోపే ఆపేయాలి.

క్రాపింగ్‌లో ఒక చిక్కు ఉంది. గ్యాలరీలో సాధారణంగా 3:4 నిష్పత్తి దొరుకుతుంది, కానీ 35 x 45 అంటే 7:9. మొదట 3:4లో కత్తిరించి, తర్వాత 413 x 531కి బలవంతంగా మార్చితే ముఖం దాదాపు నాలుగు శాతం వెడల్పవుతుంది. చూసేవారికి వెంటనే తెలియదు గాని, మీరు చెప్పిన ఉబ్బుదనం మళ్లీ కొంత వచ్చి చేరుతుంది. నిష్పత్తిని అంకెలతో ఇవ్వగల ఎడిటర్‌లో 7:9 పెట్టి, తల పైన కొద్దిగా ఖాళీ, గడ్డం కింద భుజాల పై భాగం ఉండేలా, తల ఎత్తు ఫ్రేములో ముప్పావు వంతు వచ్చేలా కత్తిరించండి. ఆ తర్వాతే పిక్సెళ్ల పరిమాణం మార్చండి.

చాలా పరీక్షల దరఖాస్తులు 20 నుంచి 50 కేబీల జేపెగ్ ఫైలును అడుగుతాయి. కొన్ని పిక్సెళ్ల కొలతలు వేరుగా ఇస్తాయి కాబట్టి నోటిఫికేషన్‌లోని అంకెలనే పాటించండి. ఫైలు పరిమాణం ఎక్కువైతే కొలతలు మార్చకుండా, సేవ్ చేసేటప్పుడు క్వాలిటీని మాత్రం కొంచెం తగ్గించండి. నెట్ సెంటరుకు వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపితే నాణ్యత తగ్గదు. ప్రింటు కావాలంటే 4 x 6 అంగుళాల కాగితంపై ఎనిమిది ఫొటోలు పడతాయి. అసలు పరిమాణంలోనే ముద్రించమని చెప్పి, చేతికి వచ్చాక స్కేలుతో వెడల్పు 35 మిల్లీమీటర్లు ఉందో లేదో కొలవండి.