టెఫ్లాన్ టేప్ చుట్టినా కారుతోందా?

ప్రశ్న: గోడ కుళాయి, షవర్ కొత్తవి పెట్టించాం. రెండింటి మొదట్లోనూ చుక్కచుక్క కారుతోంది. నేనే విప్పి టెఫ్లాన్ టేప్ రెండుసార్లు చుట్టాను, ఆగలేదు. ఏం పొరపాటు జరిగింది?
- ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ముందు చుట్టిన వైపు చూడండి. కుళాయి మరల కొస మీ ముఖం వైపు ఉండేలా పట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిశలోనే టేప్ చుట్టాలి. ఎదురు దిశలో చుడితే, బిగించేటప్పుడు టేప్ ఊడి ముద్దగా వెనక్కి జరిగిపోతుంది. విప్పినప్పుడు తెల్లటి ఉండ కనిపించిందంటే జరిగింది అదే.

రెండోది, ఎన్ని చుట్లన్నది. మన కొట్లలో దొరికే టేప్ బాగా పల్చన. రెండు చుట్లు చాలవు. ముందు టేప్ లేకుండా కుళాయిని చేత్తో బిగించి చూడండి. గట్టిగా పడితే ఐదారు చుట్లు చాలు, లొడలొడలాడితే పది దాకా వేయండి. మొదటి మర వదిలేసి, ప్రతి చుట్టూ ముందుదాని మీద సగం పడేలా, టేప్‌ను కాస్త లాగి పట్టుకుని చుట్టండి. కొస మీదికి వస్తే ముక్కలు నీళ్లతో వెళ్లి షవర్ కన్నాల్లో ఇరుక్కుంటాయి.

చుట్టాక చేత్తో తిప్పితే మూడు నాలుగు మరలు ఎక్కి బిగుసుకోవాలి. చివరిదాకా చేత్తోనే వెళ్లిపోతే టేప్ తక్కువైనట్టే. మిగతాది రెంచితో. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు: కుళాయి మూతి కిందికి రాలేదని కొంచెం వెనక్కి తిప్పుతారు. అలా తిప్పితే టేప్ పట్టు వదిలేస్తుంది. ముందుకు తిప్పే వీలుంటేనే సరిచేయండి, లేకపోతే విప్పి, పాత టేప్ పూర్తిగా గీకేసి, ఒక చుట్టు పెంచో తగ్గించో మళ్లీ వేయండి. గోడలో ఉన్నది ప్లాస్టిక్ ఎల్బో అయితే మరీ ఎక్కువ చుట్టి బలంగా బిగించకండి, పగులుతుంది. ఇత్తడి మరలున్నదైతే అంత భయం లేదు.

షవర్‌కి ఒక తేడా ఉంది. గోడలోకి వెళ్లే గొట్టం మరకి టేప్ కావాలి. షవర్ తల బిగించే చోట లోపల రబ్బరు వాషర్ ఉంటే నీటిని ఆపేది అదే, టేప్ కాదు. అక్కడ కారితే వాషర్ మార్చండి.

పని అయ్యాక మర మొదట్లో పొడి టిష్యూ కాగితం చుట్టి ఒక రాత్రి వదిలేయండి. చెమ్మ ఉంటే తెల్లారేసరికి తెలుస్తుంది. మన కోనసీమ, పాలకొల్లు వైపు ఉప్పు నీళ్ల బోర్లున్న ఇళ్లలో మరో గుర్తు కూడా ఉంటుంది. ఆరిన చోట తెల్లటి ఉప్పు పొర కడుతుంది, అది మర చుట్టూ కనిపిస్తే లీకు పాతదే. కుళాయి పొడిగా ఉండి, దూరంగా గోడ మాత్రం చెమ్మగిల్లితే గొట్టం లోపలే ఎక్కడో పోయింది, దానికి ప్లంబర్‌ని పిలవాల్సిందే.