నాలుగు పేజీల సంభాషణ నాలుగైదు వాక్యాలయ్యేటప్పుడు

ప్రశ్న: నా నవలలో ఒక సంభాషణ నాలుగైదు పేజీలు సాగింది. చదివినవాళ్ళంతా అక్కడే కథ నడక మందగించిందంటున్నారు. దాన్ని కొన్ని వాక్యాల్లో పరోక్షంగా చెబుదామని కూర్చుంటే, ‘అని అన్నాడు, అని అంది’ అంటూ కార్యాలయపు నివేదికలా తయారవుతోంది. ఎలా కుదించాలి?

జవాబు:

నా మొదటి నవల రాతప్రతిలో సరిగ్గా ఇదే జరిగింది. శారద, రవి అక్కాతమ్ముళ్ళు. తండ్రి పోయాక ఆయన ఇంటిని రవి అక్కకు చెప్పకుండా అమ్మకానికి పెడతాడు. కొనేవాళ్ళ దగ్గర బయానా కూడా తీసుకుంటాడు. ఆ సంగతి పాఠకుడికి అంతకుముందు అధ్యాయంలోనే తెలుసు. శారదకు మాత్రం ఇప్పుడు తెలుస్తుంది. ఆ సన్నివేశాన్ని నేను నాలుగు పేజీలు రాశాను. దాని ఎముకలు మాత్రం ఇక్కడ పెడుతున్నాను:

“ఇల్లు అమ్ముతున్నావని విన్నాను, నిజమేనా?”
“ఎవరు చెప్పారు?”
“ఎవరు చెబితే ఏం? నిజమా, కాదా?”
“ఇంకా ఏమీ అనుకోలేదక్కా. ఒకరిద్దరు వచ్చి చూసి వెళ్ళారు, అంతే.”
“నాకు ఒక్క మాట చెప్పాలనిపించలేదా?”
“చెబుదామనే అనుకున్నాను. నువ్వు పనుల్లో ఉంటావని...”
“బయానా తీసుకున్నావా?”
రవి మాట్లాడలేదు.
“నిన్నే అడుగుతున్నాను.”
“తీసుకున్నాను. పోయిన నెలే.”
“తిరిగి ఇచ్చెయ్.”
“ఖర్చయిపోయిందక్కా.”
“సరే. నాన్న పుస్తకాలైనా నాకు ఇప్పించు. రేపు నేనే వచ్చి తీసుకెళ్తాను.”
“చూద్దాంలే.”

మొదటిసారి కుదించినప్పుడు నేను చేసిన పని, కొటేషన్ గుర్తులు తీసేసి ప్రతి మాటకూ ‘అని’ తగిలించడం. “ఇల్లు అమ్ముతున్నావని విన్నానని, అది నిజమేనా అని శారద అడిగింది. ఎవరు చెప్పారని రవి అన్నాడు. ఎవరు చెబితే ఏమిటని ఆమె అంది. ఇంకా ఏమీ అనుకోలేదని అతను అన్నాడు.” ఇది కుదింపు కాదు. సంభాషణ అంతే పొడవుంది, పైగా ప్రాణం పోయింది. అవతలి మాటకు ఇవతలి మాట తగిలే చప్పుడు ప్రత్యక్ష సంభాషణలో ఉంటుంది. మాటల వరుసను అలాగే ఉంచి ఆ చప్పుడును మాత్రం తీసేశాను.

రెండోసారి విసుగొచ్చి అటు చివరికి వెళ్ళాను. “ఇంటి అమ్మకం గురించి అక్కాతమ్ముళ్ళు చాలాసేపు వాదించుకున్నారు. చివరికి శారద తండ్రి పుస్తకాలు అడిగింది.” పొట్టిగానే ఉంది, కానీ అబద్ధం. వాళ్ళు వాదించుకోలేదు. ఒకరు అడుగుతున్నారు, ఇంకొకరు తప్పించుకుంటున్నారు. ‘వాదించుకున్నారు’, ‘చర్చించుకున్నారు’, ‘మాట్లాడుకున్నారు’ లాంటి మాటలు ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తాయి. ఎవరిది పైచేయో, ఎవరు వెనక్కి తగ్గారో వాటిలో కనిపించదు.

అప్పుడు సంభాషణను పక్కన పెట్టి, వేరే కాగితం మీద రెండే వాక్యాలు రాసుకున్నాను. గదిలోకి వచ్చేటప్పుడు శారదకు ఏం కావాలి? ఇల్లు అమ్మకుండా ఆపాలి. బయటికి వెళ్ళేటప్పుడు ఏం అడుగుతోంది? పుస్తకాలు. ఇంటి నుంచి పుస్తకాల దాకా ఆమె కోరిక కుంచించుకుపోయిన దారే ఈ సంభాషణ. ఆ దారిలో మలుపులు ఎన్ని ఉన్నాయో చూస్తే మూడే తేలాయి: రవి తప్పించుకోవడం, ఒప్పుకోవడం, శారద సరిపెట్టుకోవడం. “ఎవరు చెప్పారు?”, “నువ్వు పనుల్లో ఉంటావని” లాంటివన్నీ మొదటి మలుపులో భాగాలు. ఒకదాన్ని ఉంచి మిగతావి వదిలేసినా ఏమీ పోదు. మీరు కూడా ముందు మీ సంభాషణకు ఈ రెండు వాక్యాలు రాసి చూడండి. మొదటి వాక్యానికీ రెండోదానికీ తేడా లేకపోతే, ఆ సంభాషణను కుదించడం కాదు, పూర్తిగా తీసేయవచ్చేమో ఆలోచించాలి.

మూడోసారి రాసింది ఇది:

“ఇల్లు అమ్ముతున్న మాట నిజమేనా అని శారద నిలదీసింది. ఎవరో ఒకరిద్దరు వచ్చి చూసి వెళ్ళారంతేనని రవి మొదట నసిగాడు. బయానా మాట ఎత్తేసరికి నోరు మెదపలేదు. రెట్టించి అడిగాక, అంతకుముందు నెలలోనే తీసుకున్నానని, అది ఖర్చు కూడా అయిపోయిందని ఒప్పుకున్నాడు. అమ్మకం ఆపించాలని వచ్చిన శారద, నాన్న పుస్తకాలైనా ఇప్పించమని, మర్నాడు తానే వచ్చి తీసుకెళ్తానని చెప్పి ఊరుకుంది.

“చూద్దాంలే” అన్నాడు రవి.”

ఇక్కడ బరువంతా క్రియల మీద ఉంది. నిలదీసింది, నసిగాడు, నోరు మెదపలేదు, రెట్టించి అడిగాక, ఒప్పుకున్నాడు, ఊరుకుంది. వదిలేసిన పది పన్నెండు మాటల స్వరం ఈ ఆరింటిలోకి దిగింది. ‘అని’ని చూసి భయపడనక్కర్లేదు, అది మన వాక్యానికి కీలు లాంటిది. నా మొదటి ప్రయత్నం పాడైంది ‘అని’ వల్ల కాదు, దాని తర్వాత ప్రతిసారీ ‘అన్నాడు’, ‘అంది’ రావడం వల్ల. బతిమాలడం, దబాయించడం, గొణగడం, సర్దిచెప్పడం, మాట దాటవేయడం, ఎత్తిపొడవడం ఇలా మాట్లాడే తీరును ఒక్క పదంలో చెప్పే క్రియలు మనకు కావలసినన్ని ఉన్నాయి. అయితే వాక్యానికొకటి చాలు. వాటిని వరసగా గుచ్చితే అవీ కృత్రిమంగా మోగుతాయి.

క్రియ ఎంపికలో ఒక ప్రమాదం ఉంది. నేను అందులో పడ్డాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఒక దశలో “ఇంకా ఏమీ అనుకోలేదని రవి వివరించాడు” అని రాశాను. రాతప్రతి చదివిన స్నేహితురాలు వెంటనే పట్టుకుంది: “మరి బయానా తీసుకున్నాడని ముందే రాశావు కదా, ఇక్కడ ఏమీ అనుకోలేదంటావేమిటి?” ఆమె పొరపాటు కాదు, నాదే. ప్రత్యక్ష సంభాషణలో అబద్ధం ఆ పాత్రది. పరోక్షంగా చెప్పగానే అది కథకుడి నోటి నుంచి వస్తుంది. ‘వివరించాడు’, ‘వెల్లడించాడు’, ‘గుర్తుచేశాడు’, ‘ఒప్పుకున్నాడు’ అన్నామంటే, ఆ మాట నిజమని కథకుడు కూడా పూచీ పడినట్టే. ‘బుకాయించాడు’, ‘నమ్మబలికాడు’ అంటే నిజం కాదని చెప్పినట్టే. ‘అన్నాడు’, ‘చెప్పాడు’, ‘నసిగాడు’ లాంటివి ఎటూ మొగ్గవు. పాత్ర అబద్ధమాడే చోట, అది అబద్ధమని పాఠకుడికి అప్పుడే తెలియాలా వద్దా అన్నది ముందు తేల్చుకుని క్రియను ఎంచుకోండి.

ఇక మన వ్యాకరణం దగ్గరికి వస్తే, మన పరోక్ష కథనంలో కాలం మార్చాల్సిన పని లేదు. ‘తీసుకున్నాను’ అన్న మాట ‘తీసుకున్నానని’ అవుతుంది, అంతే. మారాల్సినవి రేపు, ఇక్కడ, పోయిన నెల లాంటివి: మర్నాడు, అక్కడ, అంతకుముందు నెల. చిక్కంతా పురుషలో ఉంది. మాట్లాడినవాడు తన గురించే చెప్పుకుంటే ‘తాను తీసుకెళ్తానని’ అని ఉత్తమ పురుష ప్రత్యయమే నిలుస్తుంది. “ఆమె తీసుకెళ్తుందని శారద చెప్పింది” అంటే ఆ ఆమె ఇంకెవరో అవుతుంది. ఇద్దరు ఆడవాళ్ళ మధ్యో ఇద్దరు మగవాళ్ళ మధ్యో సాగిన సంభాషణను కుదించేటప్పుడు ఈ ‘తాను’ ఒక్కటే దారి చూపిస్తుంది.

మధ్యమ పురుష ఇంకా ఇబ్బంది పెడుతుంది. ‘అమ్ముతున్నావని’ అంటే కొటేషన్ గుర్తులు ఊడిపోయిన ప్రత్యక్ష వాక్యంలా వినిపిస్తుంది. ‘అమ్ముతున్నాడని’ అంటే శారద మూడో మనిషితో మాట్లాడుతున్నట్టుంటుంది. అందుకే ‘అమ్ముతున్న మాట నిజమేనా’ అని మార్చాను. ‘అమ్ముతున్న’, ‘అమ్మడం’ లాంటి రూపాలకు పురుష ప్రత్యయం ఉండదు కాబట్టి తగువే రాదు. ఆజ్ఞలకు ఈ బెడద లేదు. ఇప్పించమంది, రమ్మంది, వద్దంది అంటే ఒక్క పదంతో పని అయిపోతుంది. పొడవాటి సంభాషణలో ఆజ్ఞలు, వేడుకోళ్ళు ఎక్కువుంటే అవే అన్నిటికన్నా బాగా కుదింపుకు లొంగుతాయి.

‘నాన్న పుస్తకాలు’ అన్నచోట కూడా ఆగి ఆలోచించాను. కథకుడి మాటగా ‘తండ్రి పుస్తకాలు’ అనాలి. అలా రాసి చూస్తే శారద ఒక్కసారిగా దూరమైపోయింది. ‘నాన్న’ అని ఉంచితే వాక్యం కథకుడిదే అయినా ఆ పదం ఆమె గొంతులోంచి వస్తుంది. కుదించిన పేరాలో పాత్ర సొంత పదం ఇలా ఒకటైనా మిగలాలి. ‘చూద్దాంలే’ను ప్రత్యక్షంగా ఉంచింది కూడా అందుకే. దాన్ని ‘ఆలోచిస్తానని చెప్పాడు’ అంటే అర్థమే తప్పుతుంది. ఆ ‘లే’లో ఉన్న నిర్లక్ష్యాన్ని ఏ క్రియా మోయలేదు. ముందంతా పరోక్షంగా సాగి చివర ఒక్క మాట నేరుగా వినిపిస్తే, దాని మీద వెలుగు పడుతుంది. మీ సంభాషణలో కూడా ఇలా దేనిలోకీ మారనని మొండికేసే మాట ఒకటి ఉంటుంది. దాన్ని ఉంచేసి మిగతావి దాని చుట్టూ కుదించండి.

ఈ పద్ధతి చెల్లని చోటు కూడా నాకు ఇదే నవలలో ఎదురైంది. తర్వాతి ప్రతిలో అధ్యాయాల వరస మార్చి, రవి బయానా తీసుకునే సన్నివేశాన్ని ఈ సంభాషణ తర్వాతికి జరిపాను. దాంతో ఆ విషయం శారదతో పాటే పాఠకుడికీ మొదటిసారి తెలుస్తోంది. అయిదు వాక్యాల పేరా అప్పటిదాకా బాగానే ఉన్నది కాస్తా చప్పబడిపోయింది. పాఠకుడికి తెలిసిన విషయం ఒక పాత్రకు తెలిసేటప్పుడు పరోక్ష కథనం సరిపోతుంది. ఇద్దరికీ ఒకేసారి తెలిసేటప్పుడు ఆ మౌనం ఎంతసేపో పాఠకుడు కూడా కూర్చుని భరించాలి. అందుకని ముందున్న నసుగుడును ఒక్క వాక్యంలోనే ఉంచి, “బయానా తీసుకున్నావా?” దగ్గర నుంచి “పోయిన నెలే” వరకు ఉన్న నాలుగు పంక్తులను మళ్ళీ నేరుగా రాశాను. ఆ తర్వాతి భాగాన్ని పరోక్షంగానే వదిలేశాను. అచ్చులో ఆ సన్నివేశం ముప్పావు పేజీ వచ్చింది.